అరచుక్క నీరు, చిల్లు లేని తోలు

పొయ్యి మీద మూకుడు పెట్టి గుప్పెడు గోధుమలు వేయించండి. కాసేపటికి కమ్మటి వాసన వస్తుంది, రంగు తిరుగుతుంది, ఇంకాసేపు ఉంచితే మాడిపోతాయి. బియ్యం వేసినా అంతే. కోళ్ళ దాణా కోసం పండించే మామూలు మొక్కజొన్న గింజలు వేస్తే కొన్ని చిటపటమంటాయి, కొన్నిటి తోలు చీలుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. అదే మూకుట్లో, అదే మంట మీద పాప్‌కార్న్ గింజలు వేయండి. మూడు నాలుగు నిమిషాల్లో మూత ఎగిరేంత గోల మొదలవుతుంది. ఒక్కో గింజ ముప్పై నలభై రెట్లు పొంగి, లోపలి తెలుపంతా బయటికి తిరగబడి పైకి లేస్తుంది.

పాప్‌కార్న్ గింజా, కోళ్ళ దాణా గింజా రెండూ మొక్కజొన్నే. ఒకే జాతి పంటలో రెండు రకాలు. ఒకటి పేలుతుంది, రెండోది పేలదు. ఎందుకని అడిగితే మనకు అలవాటైన జవాబు ఒకటుంది: గింజ లోపల నీరుంటుంది, వేడికి ఆవిరవుతుంది, ఆ ఆవిరి గింజను పేలుస్తుంది. ఇది అబద్ధం కాదు. కానీ ఇది సగం జవాబే. ఎండబెట్టి నిల్వచేసిన ఏ ధాన్యంలోనైనా నూటికి 12 నుంచి 14 పాళ్ళు నీరు ఉంటుంది. గోధుమలోనూ ఉంది, బియ్యంలోనూ ఉంది, దాణా మొక్కజొన్నలోనూ ఉంది. నీరు ఒక్కటే చాలనుకుంటే మన వంటిళ్ళలో గోధుమలు కూడా పేలాలి. ఆ మిగతా సగం జవాబు గింజ నిర్మాణంలో ఉంది.

ఒక పాప్‌కార్న్ గింజను వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకు ఎదురుగా చూడండి. చిన్నగా, గుండ్రంగా, నున్నగా ఉంటుంది. ఒక కొస మాత్రం సన్నగా ముక్కులా ఉంటుంది. గింజ కంకి బెండుకు అతుక్కుని ఉన్నది అక్కడే. పెరిగేటప్పుడు నీరు, ఆహారం లోపలికి వెళ్ళింది కూడా అక్కడి నుంచే. గింజ ఒళ్ళంతా తోలు ఒకే తీరుగా, మెరుస్తూ ఉంటుంది. పదునైన కత్తితో నిలువుగా రెండుగా కోస్తే లోపల పిండి రెండు రకాలుగా కనిపిస్తుంది. తోలు కిందంతా గట్టిగా, వెలుతురు కొంచెం లోపలికి పోనిచ్చే పసుపు పొర. దానికి లోపల, ముక్కు వైపున మొలక పక్కన, కాస్తంత తెల్లటి మెత్తని పిండి. ఈ గింజలో గట్టి పిండి పాలు చాలా ఎక్కువ, మెత్తని పిండి పాలు తక్కువ.

ఇప్పుడు దాణా మొక్కజొన్న గింజను కోయండి. చాలా హైబ్రిడ్ రకాల గింజ నెత్తి మీద ఒక చిన్న సొట్ట ఉంటుంది. మెత్తని తెల్ల పిండి గింజ మధ్యలో మొదలై ఆ సొట్ట దాకా పాకి ఉంటుంది. గట్టి పిండి పక్కలకు మాత్రమే పరిమితం. గింజ ఆరేటప్పుడు మెత్తని పిండి ఎక్కువగా కుంచించుకుపోవడం వల్లనే ఆ సొట్ట పడుతుంది. ఈ తేడా కంటికే కనిపిస్తుంది. మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

గట్టి పిండి, మెత్తని పిండి రెండూ పిండి రేణువులే. తేడా ఆ రేణువులు పేర్చుకుని ఉన్న తీరులో ఉంది. మైక్రోస్కోప్ కింద చూస్తే గట్టి పిండిలో రేణువులు పలకలు తేరి, ఒకదానికొకటి ఆనుకుని, మధ్య సందు లేకుండా కూరి ఉంటాయి. మెత్తని పిండిలో రేణువులు గుండ్రంగా, వదులుగా ఉంటాయి, మధ్య మధ్య గాలి సందులుంటాయి. గింజ తెల్లగా కనిపించడానికి కారణం ఆ గాలి సందులే. వెలుతురు వాటి దగ్గర చెదిరిపోతుంది.

ఇక గింజను మూకుట్లో వేద్దాం. నూనె కాగుతోంది, గింజ చుట్టూ వేడి చుట్టుముట్టింది. ఒక గింజ బరువు సుమారు 150 మిల్లీగ్రాములు అనుకుంటే, అందులో 14 శాతం అంటే 21 మిల్లీగ్రాముల నీరుంటుంది. మందు సీసా డ్రాపర్ నుంచి పడే ఒక చుక్క నీరు సుమారు 50 మిల్లీగ్రాములు. అంటే గింజలో ఉన్నది అరచుక్క కంటే కాస్త తక్కువ. ఆ నీరు కూడా ఎక్కడో ఒకచోట గుంటకట్టి లేదు. పిండి రేణువుల్లో, వాటి చుట్టూ, తడి రూపంలో గింజంతా పరుచుకుని ఉంది.

నూరు డిగ్రీలు దాటింది. బయట గిన్నెలో ఉన్న నీరైతే ఇప్పటికి మరిగి ఆవిరైపోవాలి. గోధుమ గింజలో జరిగేది అదే. తోలు పల్చన, సందులు ఎక్కువ, ఆవిరి పుట్టింది పుట్టినట్టే నెమ్మదిగా బయటికి వెళ్ళిపోతుంది. గింజ ఎండిపోతుంది, తరవాత వేగుతుంది, ఆ తరవాత మాడుతుంది. పాప్‌కార్న్ గింజలో అలా జరగదు. తోలులో చిల్లు లేదు, ఆవిరికి దారి లేదు. మన వంటింటి ప్రెషర్ కుక్కర్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది: ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగినకొద్దీ నీరు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ద్రవంగానే ఉంటుంది. తేడా కొలతల్లో ఉంది. కుక్కర్ విజిల్ వేసేసరికి లోపల ఒత్తిడి వాతావరణ పీడనానికి రెండింతలు, వేడి సుమారు 120 డిగ్రీలు. పాప్‌కార్న్ గింజ ఆ దశను దాటిపోయి 180 డిగ్రీల దాకా వెళుతుంది. ఆ వేడిలో ఆవిరి ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు పదింతలు. విజిల్ లేదు, సేఫ్టీ వాల్వ్ లేదు. అంత ఒత్తిడిని మోస్తున్నది మనం తిన్నాక పళ్ళ సందుల్లో ఇరుక్కునే ఆ పల్చటి తోలే.

ఈ లోపల పిండి కూడా మారుతోంది. తడి, వేడి రెండూ కలిసేసరికి గట్టిగా ఉన్న పిండి రేణువులు మెత్తబడి, సాగే గుణం తెచ్చుకుంటాయి. జావ కాచినప్పుడు పిండి చిక్కబడటం వెనక ఉన్న మార్పు ఇలాంటిదే. కాకపోతే ఇక్కడ నీరు చాలా తక్కువ, వేడి చాలా ఎక్కువ. పేలడానికి ఒక్క క్షణం ముందు గింజ లోపల ఉన్నది ఇది: 180 డిగ్రీల వేడి మీద సాగే పిండి ముద్ద, అందులో రేణువు రేణువునా మరిగే అవకాశం కోసం ఆగి ఉన్న నీరు, వాటి చుట్టూ బిగుసుకుపోయిన తోలు.

ఈ 180 అనే అంకె ఊహ కాదు. ఫ్రాన్స్‌కు చెందిన ఇమ్మాన్యుయేల్ వీరో, అలెగ్జాండర్ పొనొమారెంకో అనే ఇద్దరు పరిశోధకులు గింజలను ఓవెన్‌లో పెట్టి, వేడిని పది పది డిగ్రీల చొప్పున పెంచుతూ, ఒక్కో మెట్టు దగ్గర కాసేపు ఆగి, ఎన్ని పేలాయో లెక్కపెట్టారు. వారి ఫలితాలు 2015లో వచ్చాయి. 170 డిగ్రీల దగ్గర నూటికి 34 గింజలే పేలాయి. 180కి చేరేసరికి 96 పేలాయి. పెద్ద గింజ, చిన్న గింజ అన్న తేడా దీన్ని పెద్దగా మార్చలేదు. అది సహజమే. గింజ పెద్దదైతే ఒత్తిడిని తట్టుకోవాల్సిన తోలూ ఆ మేరకు మందంగా ఉంటుంది.

సుమారు 180 దగ్గర తోలు ఎక్కడో ఒకచోట ఓడిపోతుంది. చిన్న పగులు వస్తుంది. ఆ పగులుతో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. ఇంతసేపూ ఒత్తిడి వల్లే ద్రవంగా ఉన్న నీటికి ఇక ఆ బంధనం లేదు. ఉన్నచోటే, రేణువు రేణువులోనూ, భగ్గున ఆవిరవుతుంది. పిండి సాగే స్థితిలో ఉంది కాబట్టి ఆ ఆవిరి ప్రతి రేణువునూ ఒక బుడగగా ఊదుతుంది. వేల బుడగలు ఒకదానికొకటి అతుక్కుని నురుగు అవుతాయి. పగులు గుండా ఆ నురుగు బయటికి తన్నుకొస్తుంది, తోలు వెనక్కి చుట్టుకుపోతుంది. ఇదంతా కనురెప్ప పాటు కాలంలో ముగుస్తుంది.

మెత్తని పిండికి ఇక్కడ అన్యాయం జరుగుతుంది. అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో హోసినీ బృందం 1983లో పేలిన గింజలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసి తేల్చింది ఇదే: బుడగలుగా ఊదుకున్నవి గట్టి పిండి రేణువులు. మెత్తని పిండి రేణువులు దాదాపు ఉన్నవి ఉన్నట్టే ఉండిపోయాయి. వాటి మధ్య గాలి సందులున్నాయి కదా, ఆవిరికి ఆ సందులే దారి. రేణువును ఊదాల్సిన పని లేకుండా పక్కనుంచి పోతుంది. కాబట్టి మెత్తని పిండి ఎంత ఎక్కువైతే పొంగు అంత తక్కువ. దాణా మొక్కజొన్నకు తోలు గట్టిదే ఇచ్చినా పాప్‌కార్న్ అంత పువ్వు రాదన్నది దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంకొక సందేహం రావాలి. 21 మిల్లీగ్రాముల నీరు పూర్తిగా ఆవిరైతే మామూలు ఒత్తిడిలో దాదాపు 35 మిల్లీలీటర్ల చోటు కావాలి. పేలిన గింజ అంత పెద్దది కాదు, అయిదారు మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తుంది, అంతే. మిగతాది ఏమైంది? ఒక భాగం పగులు గుండా బయటికి పోయింది. ఇంకో భాగం అసలు ఆవిరే కాలేదు. నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ కొద్ది క్షణంలో మూకుడు నుంచి వేడి అందే వ్యవధి లేదు. గింజ తనలో అప్పటికే ఉన్న వేడిని ఖర్చుపెట్టాలి. ఆవిరి పుడుతున్నకొద్దీ పిండి చల్లబడుతుంది. 180 డిగ్రీల నుంచి నూరు డిగ్రీలకు దిగేసరికి గింజ ఇవ్వగలిగిన వేడి దాదాపు అయిపోతుంది. సాగే గుణం పోయి, బుడగల గోడలు అలాగే బిగుసుకుపోతాయి. పాప్‌కార్న్ అంటే ఊదుకుంటూ ఊదుకుంటూ మధ్యలో గడ్డకట్టిన నురుగు. చల్లబడటం లేకపోతే ఆ నురుగు నిలబడదు, కూలిపోయి ముద్దవుతుంది.

ఫ్రెంచి పరిశోధకులు వేగంగా పనిచేసే కెమెరాతో తీసిన చిత్రాల్లో మరో సంగతి కనిపించింది. తోలు పగలగానే మొదట ఒక కాలు లాంటి పిండి ముక్క బయటికి వస్తుంది. అది మూకుడు అడుగును తాకి, నొక్కుకుని, గింజను పైకి తంతుంది. గింజ గిరగిరా తిరుగుతూ లేస్తుంది. గాల్లో ఉండగానే మిగతా పువ్వు విచ్చుకుంటుంది. మరి ఆ టప్‌మనే శబ్దం? తోలు పగిలిన చప్పుడు అనుకుంటాం. గింజ మూకుడుకు తగిలిన చప్పుడు అని కూడా అనుకోవచ్చు. కెమెరాను, మైకును జోడించి చూస్తే రెండూ కాదని తేలింది. శబ్దం పుట్టే క్షణం ఆ రెండిటితోనూ కలవలేదు. ఒత్తిడిలో ఉన్న ఆవిరి ఒక్కసారి బయటపడటమే ఆ చప్పుడుకు కారణమని వారు తేల్చారు.

నన్నడిగితే ఈ వ్యవహారంలో అందరికంటే పెద్ద పని చేసేది తోలు. పేరు మాత్రం నీటికి వస్తుంది. 1993లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు పాప్‌కార్న్ తోలునూ మామూలు మొక్కజొన్న తోలునూ పక్కపక్కన పెట్టి కొలిచి, ఫలితాలను నేచర్ పత్రికలో ప్రచురించారు. పాప్‌కార్న్ తోలు వేడిని దాదాపు రెండింతలు వేగంగా లోపలికి చేరవేస్తుంది. బలం సుమారు నాలుగింతలు ఎక్కువ. వేడి వేగంగా చేరడం ఎందుకు ముఖ్యమంటే, ఆవిరి కారిపోవడానికీ ఒత్తిడి పెరగడానికీ మధ్య ఒక పోటీ నడుస్తూ ఉంటుంది. వేడి మెల్లగా వస్తే కారిపోవడం గెలుస్తుంది. సన్నటి సెగ మీద చాలాసేపు ఉంచిన గింజలు పేలకుండా ఎండిపోవడం అందుకే.

బొగ్గుల మీద కాల్చిన పచ్చి పొత్తు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాలుతున్నప్పుడు గింజలు టప్ టప్ మంటాయి, ఒకటి రెండు పగులుతాయి కూడా. కానీ పువ్వు రాదు. పచ్చి గింజలో నీరు మరీ ఎక్కువ, తోలు మెత్తన, పిండి ఇంకా గట్టిపడలేదు. ఒత్తిడి ఏ మాత్రం పెరగకముందే తోలు చీలి ఆవిరి పోతుంది. మనం వినే చప్పుడు అదే.

మామూలు ధాన్యాలు పేలవు అని ఇంతవరకూ అన్నాను కానీ, తెలుగు ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ ఆ మాటను అలాగే ఒప్పుకోరు. తొలి ఏకాదశికి జొన్న పేలాలు దంచి, బెల్లం, యాలకులు కలిపి పేలపిండి చేసుకుంటాం. పెళ్ళిలో లాజహోమానికి వడ్ల పేలాలు కావాలి. ఇవన్నీ అమెరికా ఖండాల పంట అయిన మొక్కజొన్న మన దేశానికి రాకముందు నుంచీ పేలుతున్న గింజలే. వీటిని చూస్తే పాప్‌కార్న్ రహస్యం మరింత తేటపడుతుంది.

జొన్న గింజ కట్టు పాప్‌కార్న్‌ను పోలినదే. గట్టి పిండి, దాని చుట్టూ తోలు. అయితే అన్ని జొన్నలూ ఒకేలా పేలవు. గట్టి పిండి ఎక్కువగా ఉన్న రకాలు బాగా పేలతాయి, పిండి మెత్తనైన రకాలు వేగిపోతాయి తప్ప విచ్చుకోవు. తోలు బలం పాప్‌కార్న్ అంత లేదు కాబట్టి పొంగు కూడా తక్కువే. జొన్నలు పేల్చేముందు కాసిని నీళ్ళు చిలకరించి ఉంచడం, మంగలం బాగా కాలాకే గుప్పెడేసి చొప్పున వేయడం అన్నవి మన పెద్దలు శాస్త్రం చదివి చేసిన పనులు కావు. కానీ తగినంత తడి, చప్పున తగిలే వేడి అనే రెండూ అందులో ఉన్నాయి.

వడ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. బియ్యాన్ని వేయిస్తే పేలదు, వడ్లను కాలిన ఇసుకలో వేస్తే పేలతాయి. లోపలి గింజ అదే, తేడా పైనున్న పొట్టు. వడ్ల పొట్టు రెండు చిప్పలుగా ఉంటుంది. వాటి అంచులు ఒకదానిలో ఒకటి బిగిసి ఉంటాయి. ఆ పట్టు ఎంత బిగుతైతే పేలం అంత బాగా వస్తుంది. పట్టు వదులైనా, దంపుడులో పొట్టు చిట్లినా అది పేలదు. పాప్‌కార్న్‌కు తోలు చేసే పనిని వడ్లకు పొట్టు చేస్తోంది.

మరి బొరుగులకు పొట్టే లేదు కదా? నిజమే. అక్కడ దారి వేరు. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి, పొట్టు తీస్తారు. ఉడికినప్పుడే లోపలి పిండి సందులు లేకుండా అతుక్కుపోయి, ఆరాక గట్టి ముద్దగా మారుతుంది. ఆ బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టించి, బట్టీలో ఎర్రగా కాలిన ఇసుకలో వేస్తే కొద్ది సెకన్లలో ఉబ్బుతాయి. ఇసుక వేడి అన్ని వైపులా ఒక్కసారే తగలడంతో ఆవిరి కారిపోవడానికి వ్యవధి దొరకదు. గోడ లేని లోటును వేగం కొంతవరకు తీరుస్తుంది. కొంతవరకే. బొరుగు ఉబ్బుతుంది కానీ పువ్వులా విచ్చుకోదు. దాని పొంగు పాప్‌కార్న్ పొంగులో నాలుగో వంతు కూడా ఉండదు.

సరే, గోధుమకూ బియ్యానికీ ఆ బలమైన గోడను మనమే బయటి నుంచి ఇస్తే? ఈ ప్రయోగాన్ని ఒకాయన వందేళ్ళ కిందటే చేశారు. అలెగ్జాండర్ ఆండర్సన్ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు 1901లో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో పనిచేస్తూ, పిండి రేణువులో నీటి అంశ ఉంటుందా అన్న సంగతి తేల్చాలనుకున్నారు. మొక్కజొన్న పిండిని గాజు గొట్టాల్లో పోసి, మూతి కరిగించి మూసేసి, ఓవెన్‌లో బాగా వేడిచేశారు. తరవాత గొట్టాన్ని సుత్తితో పగలగొట్టారు. పిండి పేలి, తెల్లటి బోలు ముద్దగా పొంగింది. తరవాత బియ్యంతో, గోధుమలతో చేస్తే అవీ పొంగాయి. గాజు గొట్టం స్థానంలో ఉక్కు గొట్టం వచ్చింది. ధాన్యం పోసి, మూసి, వేడిచేసి, మూత ఒక్కసారి తెరిస్తే చాలు. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆండర్సన్ ఫిరంగుల నుంచి బియ్యాన్ని పేల్చి చూపించారు. పొద్దున్నే పాలల్లో వేసుకు తినే ఉబ్బిన గోధుమ, ఉబ్బిన బియ్యం ఫలహారాలు అక్కడి నుంచే మొదలయ్యాయి.

దీని అర్థం ఏమిటో గమనించండి. గోధుమకు పేలే శక్తి లేక కాదు. నీరుంది, పిండి ఉంది. ఆ రెండిటినీ పది వాతావరణాల ఒత్తిడి దాకా పట్టి ఉంచే గోడ లేదు. ఫిరంగి ఆ గోడను అరువిచ్చింది. పాప్‌కార్న్ గింజకు ఆ గోడ పుట్టుకతోనే ఉంది.

ఆ గోడకు చిన్న లోపం వచ్చినా ఏమవుతుందో ఇంట్లోనే చూడొచ్చు. పది గింజలు తీసుకుని, గోళ్ళు కత్తిరించే నెయిల్ కట్టర్‌తో ఒక్కోదాని తోలు మీద చిన్న గాటు పెట్టండి. బాగున్న మరో పది గింజలతో కలపకుండా, విడిగా, అదే వేడి మీద వేయించండి. గాటుపడిన గింజల్లో చాలావరకు పేలవు, ఎక్కడో ఒకటి అరకొరగా విచ్చుకుంటుంది. గింజ చెడిపోలేదు, నీరు పోలేదు, వేడి తగ్గలేదు. చిల్లు పడింది, అంతే.

పాకెట్ అడుగున మిగిలిపోయే పేలని గింజల్లో చాలావాటికి ఇదే జబ్బు. కోతలోనో నూర్పిడిలోనో తోలు చిట్లి ఉంటుంది, లేదా ముక్కు దగ్గర ఆవిరి కారుతూ ఉంటుంది. తోలే లోపలి నుంచి బలహీనంగా ఉండటం ఇంకో కారణం. ఇండియానాలోని పర్డ్యూ యూనివర్సిటీలో బ్రూస్ హమేకర్ బృందం 2005లో 14 రకాల పాప్‌కార్న్‌ను మైక్రోవేవ్‌లో పేల్చి చూసింది. కొన్ని రకాల్లో నూటికి 4 గింజలే మిగిలాయి, కొన్నిటిలో 47 దాకా మిగిలాయి. బాగా పేలే రకాల తోలులో సెల్యులోజ్ పోగులు మరింత వరుసగా, దగ్గరగా పేర్చుకుని ఉన్నాయని, వేడి తగిలేటప్పుడు అవి తడిని బయటికి పోనివ్వడం లేదని వాళ్ళు గుర్తించారు.

మన చేతిలో ఉన్నది మాత్రం తడి. పాప్‌కార్న్ బాగా పేలడానికి గింజలో 13.5 నుంచి 14 శాతం నీరుండాలి. ఒకటి రెండు శాతం తగ్గినా పేలే గింజల సంఖ్య, పొంగు రెండూ తగ్గుతాయి. మరీ ఎక్కువైనా ఇబ్బందే. తోలు నానినట్టయి తొందరగా చీలుతుంది, పువ్వు చిన్నదై, నమిలితే సాగుతుంది. ఏ తప్పు జరిగిందో మూకుడు అడుగు చూసి చెప్పొచ్చు. తోలు చెక్కుచెదరకుండా నల్లబడి మిగిలిన గింజలు ఎక్కువగా ఉంటే అవి ఎండిపోయినవి, లేదా కారిపోయినవి. కొద్దిగా నోరు తెరిచి, అంచున తెల్లటి పిండి కనిపించి ఆగిపోయినవి ఎక్కువగా ఉంటే మంట తప్పు. మరీ పెద్ద మంట మీద పైభాగం 180 దాటేసరికి లోపలి పిండి ఇంకా మెత్తబడదు, తోలు చీలుతుంది కానీ నురుగు రాదు. పువ్వులు బాగానే వచ్చినా మెత్తగా, తడిగా ఉంటే మూత తప్పు. పేలిన గింజ వదిలిన ఆవిరి బయటికి పోక మళ్ళీ వాటి మీదే పడింది.

అందుకే మూత ఒక పక్క కొద్దిగా తెరిచి ఉంచాలి. వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె, నెయ్యి ఏదైనా సరే. వెన్న మాత్రం వద్దు, 180 డిగ్రీలకు చేరేలోపే అందులోని పాల పదార్థం మాడుతుంది. మొదట మూడు గింజలే నూనెలో వేయండి. అవి పేలాయంటే నూనె వేడి సరిపోయిందని అర్థం. అప్పుడు మిగతా గింజలు వేసి, మూకుడు దించి అర నిమిషం ఊరికే ఉంచి, మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. ఆ అర నిమిషంలో గింజలన్నీ దాదాపు ఒకే వేడికి చేరతాయి. అన్నీ దాదాపు ఒకేసారి పేలతాయి, ముందు పేలినవి మాడవు.

విప్పిన పాకెట్‌ను క్లిప్పు పెట్టి అలమరలో పడేస్తే, ముఖ్యంగా మన ఎండాకాలంలో, కొన్ని వారాల్లో గింజ ఎండిపోతుంది. గాలి చొరని సీసాలో పోసి పెట్టుకోండి. ఇప్పటికే ఎండిపోయిన పాకెట్ ఉంటే పారేయకండి. అరకిలో గింజల్లో తడి 12 శాతానికి పడిపోయిందనుకుంటే, దాన్ని మళ్ళీ 13.5కు తేవడానికి కావలసింది 9 గ్రాముల నీరు, అంటే రెండు చిన్న చెంచాలకు కాస్త తక్కువ. గింజలు సీసాలో పోసి, ఆ నీళ్ళు చల్లి, మూత బిగించి బాగా కుదపండి. రోజూ ఒకటి రెండుసార్లు కుదుపుతూ మూడు రోజులు ఆగి, గుప్పెడు గింజలు పేల్చి చూడండి. ఇంకా పేలనివి ఎక్కువగా ఉంటే మరో అర చెంచా చల్లి, ఇంకో రెండు రోజులు ఆగండి. అప్పటికీ పేలకపోతే లోపం తడిలో లేదు, తోలులో ఉంది. దానికి మందు లేదు, ఆ గింజలు కోళ్ళకు వేయండి.